చెరువులోని విబ్రియోను గుర్తించడానికి 16ఎస్ ఒక్కటే చాలా?

వెనామి రొయ్యల చెరువు నుంచి తెచ్చిన నీటినో, రొయ్య హెపటోపాంక్రియాస్‌నో విబ్రియో బ్యాక్టీరియాను పెంచడానికి వాడే టీసీబీఎస్ అగార్ మీద పూసి ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉంచితే కొన్ని కాలనీలు పసుపుగా, కొన్ని ఆకుపచ్చగా పెరుగుతాయి. సుక్రోజును పులియబెట్టినవి పసుపు రంగులోకి మారతాయి, పులియబెట్టలేనివి ఆకుపచ్చగానే ఉంటాయి. ఆకుపచ్చ కాలనీ కనబడగానే చాలామంది విబ్రియో పారాహీమోలిటికస్ అని రాసేస్తారు. కానీ విబ్రియో వల్నిఫికస్ కూడా సాధారణంగా ఆకుపచ్చే, విబ్రియో హార్వేయి బృందంలోనూ ఆకుపచ్చగా పెరిగే స్ట్రెయిన్లు చాలా ఉన్నాయి. రంగుతో తేలదు కాబట్టి జన్యు పరీక్షకు పంపాలని నిర్ణయించుకుంటారు. సీక్వెన్సింగ్ సంస్థ వారు నాలుగైదు రకాల సేవలు చూపిస్తారు. ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువును ఒకవైపు నుంచి చదవడం, పూర్తి 16ఎస్, దానికి తోడు మరో జన్యువు, మొత్తం జన్యుక్రమం. వీటిలో ఏది ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసం. కోస్తా ఆంధ్రలో ఆక్వా ప్రయోగశాలలకు ఈ సమస్య తరచూ ఎదురవుతుంది కాబట్టి ఉదాహరణగా విబ్రియోనే తీసుకున్నాను.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీకు కావలసిన జవాబు ఏ స్థాయిదో తేల్చుకోండి. ఇది ఏ ప్రజాతి అని తెలిస్తే చాలా? ఏ జాతి అన్నది కచ్చితంగా కావాలా? లేక ఈ స్ట్రెయిన్ రొయ్యలను చంపుతుందా లేదా అన్నదా? ఈ మూడింటికీ ఒకే పరీక్ష పనికిరాదు. 16ఎస్ మొదటి ప్రశ్నకు చాలా బాగా జవాబు చెబుతుంది. రెండో ప్రశ్న దగ్గర కొన్ని ప్రజాతుల్లో తడబడుతుంది, వాటిలో విబ్రియో ఒకటి. మూడో ప్రశ్నకు దాని దగ్గర జవాబే లేదు.

రెండోది, మీ దగ్గర ఉన్నది శుద్ధమైన కల్చరేనా అన్న విషయం. ఒకే కాలనీని మళ్లీ మళ్లీ గీసి, ప్రతిసారీ ఒకే రూపంలో వస్తేనే సాంగర్ సీక్వెన్సింగ్‌కు పంపాలి. మూడోది, జవాబు తప్పితే జరిగే నష్టం. పరిశోధన పత్రంలో జాతి పేరు తప్పితే జరిగే నష్టం ఒక రకం, చెరువును ఖాళీ చేయాలని రైతుకు తప్పుగా చెబితే జరిగే నష్టం మరో రకం. ఖర్చు గురించి ఈ మూడూ తేలాక ఆలోచించండి.

## ఇన్ని జన్యువులుండగా ఇదే ఎందుకు?

రైబోజోమ్ చిన్న ఉపభాగంలో 16ఎస్ అనే ఆర్‌ఎన్‌ఏ, దానిని అంటిపెట్టుకుని ఇరవై పైచిలుకు ప్రోటీన్లు ఉంటాయి. ప్రోటీన్ తయారు కాకుండా ఏ కణమూ బతకదు కాబట్టి ఈ ఆర్‌ఎన్‌ఏ లేని బ్యాక్టీరియా లేదు. అన్నిటిలోనూ అది చేసే పని కూడా ఒకటే. పైగా అన్ని ప్రోటీన్లతో సరిగ్గా అమరవలసిన భాగం కావడంతో, వేరే బ్యాక్టీరియా నుంచి వచ్చిన 16ఎస్ ఇక్కడ కుదురుకోవడం కష్టం. అలా జరిగిన సందర్భాలు అసలు లేవని కాదు, అరుదు. మందులను తట్టుకునే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దూకినంత సులువుగా ఇది దూకదు. అందుకే దీని పోలికలు వంశం పోలికలను చెబుతాయని నమ్మవచ్చు.

పొడవు కూడా కలిసివచ్చింది. రైబోజోమ్‌లో మూడు రకాల ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. ఎశ్చరీషియా కోలైలో 5ఎస్ పొడవు 120 బేస్‌లు, 16ఎస్ 1,542, 23ఎస్ 2,904. 5ఎస్‌లో పోల్చడానికి తగినంత సమాచారం లేదు. 23ఎస్‌లో సమాచారం ఎక్కువే కానీ చదవడం శ్రమ. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కార్ల్ వోజ్ ఈ పని చేసిన రోజుల్లో ఆర్‌ఎన్‌ఏను ఎంజైముతో ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క క్రమాన్ని విడిగా తేల్చవలసి వచ్చేది. ఆ కష్టంలో మధ్యస్థమైన 16ఎస్ సరిగ్గా సరిపోయింది. 1977లో ఆయన, జార్జ్ ఫాక్స్ కలిసి ఈ పద్ధతిలోనే మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు మామూలు బ్యాక్టీరియాకు చాలా దూరపు వంశమని చూపించారు. నేడు ఆర్కియా అంటున్న వర్గం అలా వెలుగులోకి వచ్చింది.

ఈ జన్యువులో కొన్ని చోట్లు దాదాపు మారవు, వాటి మధ్య వి1 నుంచి వి9 వరకు తొమ్మిది భాగాలు మారుతూ ఉంటాయి. మారని చోట్లు ప్రైమర్లకు ఆధారమవుతాయి, మారే చోట్లు జాతుల మధ్య తేడా చూపుతాయి. అందరూ వాడే ప్రైమర్ల జంటను చూడండి.

```
27F    5'-AGAGTTTGATCMTGGCTCAG-3'
1492R  5'-TACGGYTACCTTGTTACGACTT-3'
```

రెండో ప్రైమర్ చివర ఉన్న `TT` జన్యువులో సరిగ్గా 1492, 1493 స్థానాల్లోని రెండు `A`లతో జతకడుతుంది. రైబోజోమ్‌లో ఆ రెండు అడెనిన్లే ఎంఆర్‌ఎన్‌ఏ కోడాన్‌తో టీఆర్‌ఎన్‌ఏ సరిగ్గా జతపడిందో లేదో తడిమి చూస్తాయి. అక్కడ మార్పు వస్తే ప్రోటీన్ల తయారీ దెబ్బతింటుంది కాబట్టి కోట్ల సంవత్సరాలుగా అవి మారలేదు. బ్యాక్టీరియా పేరు తెలియకుండానే దాని జన్యువును పీసీఆర్‌లో పెంచగలుగుతున్నామంటే ఇలాంటి చోట్లు ఉండడం వల్లనే.

అయితే ఇదే స్థిరత్వం ఈ జన్యువుకు పరిమితి కూడా. రెండు వంశాలు విడిపోయాక 16ఎస్‌లో ఒక శాతం తేడా రావడానికి సుమారు 5 కోట్ల సంవత్సరాలు పడుతుందని ఒక పాత అంచనా. 1,500 బేస్‌లలో ఒక శాతం అంటే 15. అంటే ఒక్క బేస్ తేడాకు సగటున 33 లక్షల సంవత్సరాలు. ఈ వేగం అన్ని వంశాల్లో ఒకేలా ఉండదు కాబట్టి దీనిని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. కానీ ఈ మధ్యకాలంలో విడిపోయిన జాతుల మధ్య 16ఎస్ ఎందుకు తేడా చూపలేదో దీంతో అర్థమవుతుంది.

## నాలుగు దారులు, పక్కపక్కన

| దారి | చదివేది | నమ్మకంగా తేలేది | తేలనిది |
|---|---|---|---|
| ఒకవైపు 16ఎస్ | 600–700 బేస్‌లు | ప్రజాతి | దగ్గరి జాతులు |
| పూర్తి 16ఎస్ | సుమారు 1,400 బేస్‌లు | ప్రజాతి, చాలాచోట్ల జాతి | విబ్రియో వంటి ప్రజాతుల్లో జాతి |
| 16ఎస్‌తో పాటు ఒక ప్రోటీన్ జన్యువు | పై దానికి తోడు 1,000 బేస్‌ల లోపు | జాతి | స్ట్రెయిన్, విషం |
| మొత్తం జన్యుక్రమం | విబ్రియో పారాహీమోలిటికస్‌లో 50 లక్షలకు పైగా బేస్‌లు | జాతి, స్ట్రెయిన్, విషపు జన్యువులు | కణం ఆ జన్యువులను నిజంగా వాడుతోందా అన్నది |

### ఒకవైపు 16ఎస్

ఇది చవక, త్వరగా వస్తుంది. సాంగర్ రీడ్‌లో, అంటే యంత్రం ఒక్కసారి చదివిన క్రమంలో, మొదటి 30–50 బేస్‌లు, చివరి భాగం నమ్మదగ్గవి కావు. మధ్యలో నికరంగా 600–700 మిగులుతాయి. అసలు చిక్కు శాతాల దగ్గర వస్తుంది. 500 బేస్‌ల రీడ్‌లో యంత్రం మూడు చోట్ల తప్పు చదివితే పోలిక 0.6 శాతం పడిపోతుంది. జాతులను విడదీసే తేడాయే ఒక శాతం చుట్టుపక్కల ఉన్నప్పుడు, ఆ మూడు తప్పులు పేరునే మార్చేయగలవు. చేతిలో ముప్పయి, నలభై కాలనీలుండి, వాటిలో విబ్రియో కానివాటిని పక్కన పెట్టడానికి దీనిని వాడండి. దీని ఆధారంగా జాతి పేరు రాయవద్దు.

### పూర్తి 16ఎస్

రెండు వైపుల నుంచి చదివి, మధ్యలో కలిసిన భాగాన్ని సరిచూసి ఒకే క్రమంగా కూర్చాలి. ఏ గుర్తింపుకైనా కనీస ప్రమాణం ఇదేనని నా అభిప్రాయం. రెండు రీడ్‌లూ మధ్యలో కనీసం వంద బేస్‌లైనా కలవకపోతే మధ్య నుంచి మొదలయ్యే మూడో ప్రైమర్‌తో మరో రీడ్ అడగండి.

ఫలితాన్ని చదవడంలో ఒక విషయాన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. వేరే జాతి అనడానికి హద్దుగా ఇప్పుడు ఎక్కువగా వాడే సంఖ్య 98.7 శాతం. పాత పుస్తకాల్లో 97 అని ఉంటుంది. మీ కల్చర్ తెలిసిన జాతులన్నిటితో 98.7 కంటే తక్కువ పోలితే అది వేరే జాతి అని దాదాపు నిశ్చింతగా అనవచ్చు. 98.7 దాటిందంటే మాత్రం అదే జాతి అని కాదు, వేరే జాతి అనడానికి 16ఎస్ దగ్గర ఆధారం లేదని మాత్రమే. బాసిల్లస్ సీరియస్, ఆంత్రాక్స్ కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్, జీవ పురుగుమందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్ 16ఎస్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి.

విబ్రియోలో మరో ఇబ్బంది ఉంది. 16ఎస్ జన్యువు కణంలో ఒక్కటే ఉండాలని లేదు. క్షయ కారక బ్యాక్టీరియాలో ఒకటే ఉంటుంది, ఎశ్చరీషియా కోలైలో ఏడు. 2003లో పూర్తి జన్యుక్రమం వెలువడిన విబ్రియో పారాహీమోలిటికస్ స్ట్రెయిన్‌లో 11 ప్రతులు ఉన్నాయి. పీసీఆర్‌లో ఆ ప్రతులన్నీ కలిసే పెరుగుతాయి. ప్రతుల మధ్య చిన్న తేడాలుంటే యంత్రం గీసిచ్చే క్రొమాటోగ్రామ్‌లో ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తాయి. కల్చర్‌లో రెండు బ్యాక్టీరియాలు కలిసిపోయినా రెండు శిఖరాలే వస్తాయి. వాటిని ఇలా విడదీయండి. మొదటి మారే భాగం నుంచే అన్నిచోట్లా గజిబిజిగా ఉంటే కల్చర్ కలుషితమైందని అనుమానించాలి. ఎక్కడో రెండు మూడు చోట్ల మాత్రమే జంట శిఖరాలుండి మిగతాది శుభ్రంగా ఉంటే అది ప్రతుల తేడా. ఒక చోటు వరకు శుభ్రంగా వచ్చి, అక్కడి నుంచి మొత్తం చెదిరిపోతే ఏదో ఒక ప్రతిలో ఒకటి రెండు బేస్‌లు ఎక్కువో తక్కువో ఉన్నాయన్నమాట. అప్పుడు ఎదురు దిశ రీడ్ చూడండి. అదీ తన వైపు నుంచి సరిగ్గా అదే చోటు వరకు శుభ్రంగా వస్తే అనుమానం తీరినట్లే. రెండు దిశల్లో చదవడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇది.

### ప్రోటీన్ జన్యువును జోడించడం

ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ప్రతి కోడాన్‌లోనూ మూడో బేస్ మారినా చాలాసార్లు అమైనో ఆమ్లం మారదు. అందువల్ల తేడాలు త్వరగా పోగవుతాయి. డీఎన్‌ఏ మెలికలను సరిచేసే ఎంజైములో ఒక భాగానికి చెందిన జైర్-బి జన్యువు విబ్రియోలో బాగా పరీక్షకు నిలిచింది. విబ్రియో పారాహీమోలిటికస్, విబ్రియో ఆల్జినోలిటికస్ 16ఎస్‌లు 99 శాతానికి పైగా ఒకటే. అవే రెండు జాతుల జైర్-బి జన్యువులు సుమారు 87 శాతమే పోలుతాయని 1998లో వెలువడిన పరిశోధన చూపించింది. ఒక శాతం లోపు ఉన్న తేడా పదమూడు శాతమైంది. ఇక రెండు మూడు తప్పు బేస్‌లు జవాబును మార్చలేవు.

మరి మొదటే జైర్-బి చదివితే పోదా? పోదు. మూడో బేస్ అంత స్వేచ్ఛగా మారే జన్యువులో అన్ని బ్యాక్టీరియాలకూ పనికొచ్చే ప్రైమర్ దొరకడం కష్టం. ప్రజాతి తెలిస్తేనే దానికి తగిన ప్రైమర్ ఎంచుకోగలం. ఆ ప్రజాతిని చెప్పేది 16ఎస్. పోల్చడానికి డేటాబేస్‌లలో ఉన్న క్రమాలు కూడా 16ఎస్‌వే చాలా ఎక్కువ. అందుకే 16ఎస్ ముందు, ప్రోటీన్ జన్యువు తరువాత.

### మొత్తం జన్యుక్రమం

రెండు జన్యుక్రమాల సగటు పోలిక 95–96 శాతం దాటితే ఒకే జాతి. ఇప్పుడు జాతి నిర్ణయంలో చివరి మాట దీనిదే. కొత్త జాతిని ప్రకటించాలంటే ఇది తప్పదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుల వరుస ఒక్కోటి సుమారు 5,000 బేస్‌లు. 150 బేస్‌ల పొట్టి రీడ్‌లతో కూర్చితే 11 ప్రతులూ ఒకదాని మీద ఒకటి పడి, జన్యుక్రమం సరిగ్గా ఆ చోట్లలోనే ముక్కలవుతుంది. అలా వచ్చిన 16ఎస్ 11 ప్రతుల కలగాపులగం కావచ్చు. దానిని విడిగా చేసిన సాంగర్ 16ఎస్‌తో సరిచూడాలి, లేదా పొడవైన రీడ్‌లిచ్చే యంత్రంతో చదివించాలి.

## ఒక ఆకుపచ్చ కాలనీ కథ

సంఖ్యలు ఊహించి ఒక ఉదాహరణ చూద్దాం. ఆకుపచ్చ కాలనీని శుద్ధిచేసి, డీఎన్‌ఏ తీసి, 27F, 1492R ప్రైమర్లతో పీసీఆర్ చేశారు. జెల్ మీద 1,500 దగ్గర ఒకే పట్టీ కనిపించింది. డీఎన్‌ఏ వేయని ఖాళీ గొట్టంలో ఏ పట్టీ లేదు. అందులోనూ పట్టీ వచ్చి ఉంటే రసాయనాల్లోనే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉన్నట్లు. సార్వత్రిక ప్రైమర్లు దానినీ పెంచుతాయి కాబట్టి ఈ ఖాళీ గొట్టం లేని ఫలితాన్ని నమ్మవద్దు.

రెండు రీడ్‌లు కలిపాక 1,420 బేస్‌లు వచ్చాయనుకుందాం. క్రమాలను డేటాబేస్‌తో పోల్చి వెతికే BLAST తెరిచి, డేటాబేస్‌ల దగ్గర `rRNA/ITS databases` ఎంచుకుని, అందులో `16S ribosomal RNA sequences (Bacteria and Archaea)` పెట్టాలి. మామూలు డేటాబేస్‌లో వెతికితే ఎవరో ఎప్పుడో తప్పు పేరుతో జమచేసిన క్రమం మొదటి వరుసలో నిలబడవచ్చు. ఈ చిన్న డేటాబేస్‌లో ఎక్కువగా టైప్ స్ట్రెయిన్లే, అంటే ఆ జాతి పేరుకు ప్రామాణికంగా భద్రపరచిన కల్చర్ల క్రమాలే ఉంటాయి.

ఫలితం ఇలా వచ్చిందనుకోండి. విబ్రియో పారాహీమోలిటికస్‌తో 5 తేడాలు, అంటే 99.65 శాతం. ఆల్జినోలిటికస్‌తో 8 తేడాలు, 99.44 శాతం. క్యాంప్‌బెల్లితో 9 తేడాలు, 99.37 శాతం. మొదటి వరుస పేరు రాసేయాలనిపిస్తుంది. కానీ ముగ్గురి మధ్య దూరం మూడు నాలుగు బేస్‌లే. మీ సొంత కల్చర్‌లోని 11 ప్రతుల మధ్యే అంత తేడా ఉండవచ్చు. ఇక్కడ నిజాయితీగా రాయగలిగింది ‘విబ్రియో ప్రజాతి, పారాహీమోలిటికస్‌కు దగ్గరి జాతుల బృందం’ అని మాత్రమే.

తరువాత జైర్-బి చదివితే పారాహీమోలిటికస్ టైప్ స్ట్రెయిన్‌తో 98 శాతం, మిగతా రెండింటితో 90 లోపు వచ్చిందనుకుందాం. జాతి తేలింది. వంశవృక్షం గీస్తే విబ్రియో బయట నుంచి ఒకదాన్ని, ఉదాహరణకు ఫోటోబాక్టీరియంను, మూలం చూపడానికి చేర్చండి. 16ఎస్ వృక్షంలో ఈ మూడు జాతుల కొమ్మలు కలగలిసి, ఆ కొమ్మలను ఎంత నమ్మవచ్చో చెప్పే బూట్‌స్ట్రాప్ విలువలు తక్కువగా ఉంటాయి. జైర్-బి వృక్షంలో విడివిడిగా నిలబడతాయి. రెండు వృక్షాలనూ నివేదికలో పెట్టండి. ఒకటి ప్రజాతికి, మరొకటి జాతికి ఆధారం.

ఇప్పటికీ రైతు ప్రశ్నకు జవాబు రాలేదు. పిల్ల దశలో రొయ్యలను మూకుమ్మడిగా చంపే ఏహెచ్‌పీఎన్‌డీ వ్యాధికి కారణమైన పిర్-ఎ, పిర్-బి విషపు జన్యువులు క్రోమోజోమ్ మీద ఉండవు, సుమారు 70,000 బేస్‌ల ప్లాస్మిడ్ మీద ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ ఒక కణం నుంచి మరో కణానికి, పారాహీమోలిటికస్ నుంచి క్యాంప్‌బెల్లి వంటి ఇతర జాతులకు కూడా చేరగలదు. 33 లక్షల సంవత్సరాలకు ఒక బేస్ మారే జన్యువు, ఒక్క తరంలో వచ్చి చేరే ప్లాస్మిడ్ గురించి ఏమీ చెప్పలేదు.

## ఎవరికి ఏది

రైతుకు సలహా ఇచ్చే ప్రయోగశాల అయితే 16ఎస్‌తో మొదలుపెట్టకండి. పిర్-ఎ, పిర్-బి జన్యువుల పీసీఆర్ ముందు చేయండి. ఒక్క రోజులో తేలుతుంది, రైతు నిర్ణయానికి కావలసింది అదే.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకైనా, ఒక పరిశోధన పత్రానికైనా జాతి పేరు కావలసినవారు పూర్తి 16ఎస్, దానితో జైర్-బి తీసుకోవాలి. ఒకవైపు రీడ్‌తో మిగిలిన డబ్బు సమీక్షకుల ప్రశ్నలకు మళ్లీ పరీక్షలు చేయడంలో పోతుంది. చెరువుల కోసం ప్రోబయోటిక్‌గా బాసిల్లస్ కల్చర్ తయారుచేసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 16ఎస్‌లో సీరియస్ బృందం వచ్చిందంటే దానిని మొత్తం జన్యుక్రమం వరకు తీసుకెళ్లకుండా నీటిలో కలపకూడదు. ఆ బృందంలో ఆహారాన్ని విషపూరితం చేసేవి ఉన్నాయి.

ఆసుపత్రి ప్రయోగశాలలో ప్రోటీన్లను కొలిచి బ్యాక్టీరియాను గుర్తించే మాల్డి-టాఫ్ యంత్రం ఉంటే రోజువారీ గుర్తింపుకు అదే ముందు. అది కొలిచే ప్రోటీన్లలో ఎక్కువ భాగం రైబోజోమ్‌వే. దాని డేటాబేస్‌లో లేని బ్యాక్టీరియా వచ్చినప్పుడు, కల్చర్ అసలు పెరగనప్పుడు 16ఎస్ అక్కరకొస్తుంది. విపుల్ వ్యాధి కారకాన్ని 1992లో ఆ దారిలోనే, కల్చర్ లేకుండా కణజాలం నుంచే గుర్తించారు.

చెరువు నీటిలో మొత్తం ఏయే బ్యాక్టీరియాలున్నాయో కావాలంటే వి3–వి4 భాగాన్ని మాత్రమే చదివే సామూహిక సీక్వెన్సింగ్ ఉంది. అది సుమారు 460 బేస్‌ల ముక్క కాబట్టి ప్రజాతి వరకే నమ్మాలి. ఒక కణంలో 11 ప్రతులున్న విబ్రియో అందులో అసలు సంఖ్య కంటే ఎక్కువగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఏది తీసుకున్నా, సంస్థ పంపే పీడీఎఫ్ నివేదికతో ఆగిపోకుండా ముడి క్రొమాటోగ్రామ్ ఫైళ్లు అడిగి తీసుకోండి. పేరు చివర `.ab1` అని ఉంటుంది. కూర్చిన క్రమంలోని మొదటి 500 బేస్‌లను, చివరి 500 బేస్‌లను విడివిడిగా BLASTలో వెతకండి. రెండూ వేర్వేరు ప్రజాతులను చూపిస్తే అది పీసీఆర్‌లో రెండు బ్యాక్టీరియాల ముక్కలు అతుక్కుని పుట్టిన క్రమం. దానిని డేటాబేస్‌లో జమచేయకండి, కల్చర్‌ను మళ్లీ ఒక్క కాలనీ నుంచి మొదలుపెట్టండి.